అన్‌అలొకేటెడ్ బంగారం, అలొకేటెడ్ బంగారం: తరచుగా అడిగే ప్రశ్నలు

బంగారాన్ని చేతికి తీసుకోకుండా ఖాతాలో ఉంచుకునేవాళ్లు అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ధర గురించి అందరూ అడుగుతారు. ఖాతా నడిపే సంస్థ మూతపడిన రోజున ఆ బంగారం ఎవరిదవుతుందన్నది మాత్రం చాలామందికి డబ్బు కట్టేశాకే గుర్తొస్తుంది. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలను ఖాతా తెరవడం నుంచి బయటికి రావడం వరకు దశలవారీగా ఇక్కడ పెట్టాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది, కావలసిన చోట మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## ఖాతా తెరవక ముందు

అన్‌అలొకేటెడ్ ఖాతాలో 50 ఔన్సులు కొన్నాను. ఆ బంగారం ఏ వాల్ట్‌లో ఉంది?

ఇది మీదని వేలు పెట్టి చూపించగల బంగారం ఏ వాల్ట్‌లోనూ లేదు. మీరు డబ్బు కట్టారు. బదులుగా బ్యాంకు తన పుస్తకాల్లో మీకు 50 ట్రాయ్ ఔన్సులు, అంటే ఒక్కోటి దాదాపు 31.1 గ్రాముల చొప్పున, బాకీ ఉన్నట్టు రాసుకుంది. బ్యాంకులో వేసిన డిపాజిట్ ఎలాంటిదో ఇదీ అలాంటిదే, కాకపోతే బాకీని డబ్బులో కాకుండా ఔన్సుల్లో కొలుస్తారు.

ఆ బాకీకి సరిపడా లోహం బ్యాంకు దగ్గర ఉండొచ్చు. దాన్ని మరొకరికి అప్పిచ్చి ఉండొచ్చు, లేదా ఇంకో బ్యాంకు తనకివ్వాల్సిన ఔన్సులతో లెక్క సరిపెట్టుకుని ఉండొచ్చు. మామూలు ఒప్పందాల్లో ఇందులో ఏదీ తప్పు కాదు. చట్టం దృష్టిలో మీరు బంగారం యజమాని కాదు, తాకట్టు ఏదీ లేని రుణదాత. స్టేట్‌మెంట్‌లో కనిపించే 50.000 అనే అంకె ఆ అప్పు పరిమాణం.

అలొకేటెడ్ ఖాతాలో అయితే ఏం మారుతుంది?

అక్కడ మీకు ఫలానా బార్లు ఉంటాయి. ఒక్కో బార్‌కు తయారుచేసిన రిఫైనరీ పేరు, సీరియల్ నంబరు, మొత్తం బరువు, స్వచ్ఛత, అందులోని అసలు బంగారం బరువు రాసిన జాబితా ఇస్తారు. దాన్నే బార్ లిస్ట్ అంటారు. ఆ బార్లకు యజమాని మీరు. వాల్ట్ నడిపే సంస్థ మీ తరఫున కాపలా కాసే కస్టోడియన్ మాత్రమే. మీ అనుమతి లేకుండా వాటిని అప్పివ్వడానికీ, తాకట్టు పెట్టడానికీ దానికి హక్కు ఉండదు.

బార్లు మీ సొంతం కాబట్టి కస్టోడియన్ ఆస్తుల లెక్కలోకి అవి రావు, దాని అప్పులవాళ్లకు వాటిమీద చెయ్యి పడదు. ఈ రక్షణకు ధర స్టోరేజీ, బీమా చార్జీలు. బంగారం విలువలో కొంత శాతంగా ఏటా కట్టాలి.

అన్‌అలొకేటెడ్‌లో ఇంత రిస్క్ ఉంటే అసలు దాన్ని ఎందుకు వాడుతున్నారు?

బార్లు ఒకే బరువులో ఉండవు కాబట్టి. లండన్ మార్కెట్‌లో చలామణీ అయ్యే గుడ్ డెలివరీ బార్‌లో 350 నుంచి 430 ఔన్సుల వరకు అసలు బంగారం ఉండొచ్చు, స్వచ్ఛత వెయ్యికి 995కి తగ్గకూడదు. ఇద్దరు వ్యాపారుల మధ్య సరిగ్గా 5,000 ఔన్సుల బేరం కుదిరితే, అంతే బరువుకు సరిపోయే బార్లు ఏరడం జరిగే పని కాదు. పుస్తకాల్లో ఒకరి ఖాతా తగ్గించి ఇంకొకరి ఖాతా పెంచితే క్షణాల్లో అయిపోతుంది. లండన్‌లో రోజువారీ లావాదేవీలు ఇలాగే, లావాదేవీల లెక్క తేల్చే క్లియరింగ్ బ్యాంకుల అన్‌అలొకేటెడ్ ఖాతాల మీదుగా సాగుతాయి.

బంగారాన్ని పూర్తిగా అలొకేటెడ్‌గా ఉంచే ఫండ్లకు కూడా దీన్ని తప్పించుకోవడం అంత సులువు కాదు. న్యూయార్క్‌లో ట్రేడయ్యే పెద్ద గోల్డ్ ఫండ్ జీఎల్‌డీ నిబంధనల్లో రోజు ముగిసేసరికి 430 ఔన్సులకు మించి అన్‌అలొకేటెడ్‌లో మిగలకూడదని ఉండేది. 430 అంటే ఒక బార్‌కు గరిష్ఠ పరిమితి. ఒక బార్‌కు సరిపోని తునక ఎప్పుడూ ఎక్కడో ఒకచోట మిగులుతుంది, అది పుస్తకాల్లోనే ఉండాలి.

కాబట్టి అన్‌అలొకేటెడ్ అంటే మోసం కాదు. కొనడం అమ్మడం తరచుగా చేసేవాళ్లకు అది పనికొచ్చే సాధనం. ఏళ్ల తరబడి దాచుకోవాలనుకున్నవాళ్లు తెలియక అందులో కూర్చోవడమే నాకు బాధ కలిగించే విషయం.

కౌంటర్‌పార్టీ రిస్క్ అంటే ధర పడిపోవడమేనా?

కాదు, రెండూ వేర్వేరు. ధర పడితే మీ ఔన్సుల విలువ తగ్గుతుంది, ఔన్సులు ఎక్కడికీ పోవు. ఒప్పందంలో మీకు ఎదురుగా ఉన్న సంస్థ తన మాట నిలబెట్టుకోలేకపోవడం కౌంటర్‌పార్టీ రిస్క్. బంగారం ధర రెట్టింపైన సంవత్సరంలోనే మీ సంస్థ కూలిపోవచ్చు. అప్పుడు మీ అంచనా నిజమై కూడా మీరు నష్టపోతారు.

బంగారం కొనేవాళ్లలో చాలామందికి బ్యాంకుల మీద నమ్మకం తగ్గడమే కారణం. వాళ్లు అన్‌అలొకేటెడ్ ఖాతా తీసుకుంటే, వద్దనుకున్న రిస్క్‌నే మళ్లీ కొనుక్కున్నట్టవుతుంది.

నా ఖాతా కాగితాల్లో "పూల్డ్ అలొకేటెడ్" అని రాసి ఉంది. అది ఎటు చెందుతుంది?

పేరును బట్టి చెప్పలేం, ఒప్పందాన్ని బట్టే చెప్పాలి. ఫలానా వాల్ట్‌లో ఫలానా బార్లు విడిగా ఉండి, వాటిలో మీకు ఇన్ని ఔన్సుల వాటా అని రాసి ఉంటే మీరు సహ యజమాని. ఇంగ్లండ్‌లో వస్తు విక్రయ చట్టానికి 1995లో చేసిన సవరణ ఇలాంటి వాటాకు స్పష్టమైన గుర్తింపు ఇచ్చింది: గుర్తించిన రాశిలో కొంత పరిమాణానికి డబ్బు కట్టినవాళ్లు, విడదీయకముందే అందులో సహ యజమానులు కాగలరు.

అక్కడ కీలకం "గుర్తించిన రాశి". సంస్థ నిల్వల్లో ఏదో ఒకచోటి నుంచి ఇస్తామని మాత్రమే రాసి ఉంటే, దానికి ఏ పేరు పెట్టినా అది అప్పే. ఆ ఉమ్మడి రాశిలో లోటు వస్తే సహ యజమానులందరూ ఆ లోటును పంచుకోవాల్సి వస్తుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

## ఖాతా నడుస్తుండగా

నా 1,000 ఔన్సులను అలొకేటెడ్‌గా మార్చమని అడిగితే ఏం జరుగుతుంది?

1,000లో అన్ని ఔన్సులూ మారవు, కొంత మిగిలిపోతుంది. గుడ్ డెలివరీ బార్ల ఖాతా అనుకుని ఒక ఉదాహరణ లెక్క వేద్దాం. కస్టోడియన్ మీకు రెండు బార్లు కేటాయించాడు. మొదటిదాని మొత్తం బరువు 401.250 ఔన్సులు, స్వచ్ఛత వెయ్యికి 995.7. రెండింటినీ గుణించి వెయ్యితో భాగిస్తే అసలు బంగారం 399.525 ఔన్సులు. రెండో బార్ బరువు 403.800, స్వచ్ఛత 996.3, అసలు బంగారం 402.306 ఔన్సులు.

రెండూ కలిపి 801.831. మీ అన్‌అలొకేటెడ్ ఖాతాలోంచి అంత తీసేస్తారు, ఆ రెండు బార్ల వివరాలతో బార్ లిస్ట్ వస్తుంది. మిగిలిన 198.169 ఔన్సులు మూడో బార్‌కు చాలవు, కాబట్టి పాత ఖాతాలోనే ఉంటాయి. మీ ఆస్తిలో దాదాపు ఐదో వంతు ఇంకా అప్పు రూపంలోనే ఉందన్నమాట. మూడో బార్‌కు తక్కువైనది కొనుక్కోవడమో, మిగులును అమ్మేయడమో చేస్తే అది తీరుతుంది. మార్చమని చెప్పేశాను కదా అని ఈ మిగులును మరిచిపోవద్దు.

నాది నిజంగా అలొకేటెడేనా? ఎలా తేల్చుకోవాలి?

ముందు ఒప్పందం తెరిచి హక్కు ఎవరిదని రాశారో చూడండి. బార్ల మీద యాజమాన్య హక్కు ఖాతాదారుడిదేనని, సంస్థ కస్టోడియన్‌గా మాత్రమే ఉంచుకుంటుందని, సంస్థ సొంత ఆస్తులతో కలపదని, వాటిని అప్పివ్వదని ఉండాలి. "సమాన పరిమాణంలో బంగారం ఇచ్చే బాధ్యత మాది" అన్న తరహా వాక్యం కనిపిస్తే ఆగండి. బాకీ ఉన్నవాళ్లు రాసే మాట అది.

తర్వాత బార్ లిస్ట్ అడగండి. ఒక బార్ తీసుకుని, మొత్తం బరువును స్వచ్ఛతతో గుణించి అసలు బంగారం బరువు సరిపోతుందో చూడండి. రిఫైనరీ, సీరియల్ నంబరు రెండూ ఒకేలా ఉన్న బార్ జాబితాలో రెండుసార్లు వచ్చిందా అన్నది చూడండి. పోయినసారి జాబితాతో పోల్చండి. మీరు కొనలేదు, అమ్మలేదు, అయినా సీరియల్ నంబర్లు మారిపోయాయంటే ఎవరో ఆ బార్లను కదిపారు. ఎందుకు కదిపారో రాతపూర్వకంగా అడగాలి.

ఆఖరుగా, బయటి తనిఖీదారు వాల్ట్‌లోకి వెళ్లి బార్లు లెక్కపెట్టాడా, లేక సంస్థ పుస్తకాలు మాత్రమే చూశాడా అన్నది తెలుసుకోండి. పుస్తకాలు తమలో తాము సరిపోవడం వేరు, వాల్ట్‌లో లోహం ఉండటం వేరు.

స్టోరేజీ చార్జీ తీసుకుంటున్నారు. అంటే అలొకేటెడే కదా?

అలా అనుకోలేం. చార్జీ లేకపోతే అది అన్‌అలొకేటెడ్ అని అనుమానించడానికి బలమైన కారణం ఉంది. చార్జీ ఉన్నంత మాత్రాన బార్లు మీవని రుజువు కాదు. రుజువు ఒప్పందంలో, బార్ లిస్ట్‌లో ఉంటుంది.

డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది కదా, వాల్ట్‌కు బీమా కూడా ఉందన్నారు. ఇంకేం భయం?

డిపాజిట్ ఇన్సూరెన్స్ సాధారణంగా డబ్బు రూపంలోని డిపాజిట్లకే. ఔన్సుల్లో రాసిన బాకీ దాని కిందికి వస్తుందని ఎవరైనా చెబితే ఆ పథకం నిబంధన చూపించమనండి. ఇక వాల్ట్ బీమా దొంగతనానికి, లోహం పాడైపోవడానికి, కనిపించకుండా పోవడానికి. సంస్థ అప్పులు తీర్చలేకపోతే ఆ బీమా పైసా ఇవ్వదు. ప్రకటనల్లో "పూర్తి బీమా" అన్న మాట ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇక్కడే.

అన్ని అన్‌అలొకేటెడ్ ఖాతాల్లోనూ రిస్క్ ఒకటేనా?

ఒకటి కాదు. మీకు బాకీ ఉన్నది ఎవరు, ఆ బాకీ వెనక ఎవరు నిలబడ్డారు అన్నదాన్ని బట్టి మారుతుంది. ఆస్ట్రేలియాలోని పెర్త్ మింట్ అన్‌అలొకేటెడ్ బంగారం అమ్ముతుంది. ఆ సంస్థ బాధ్యతలకు వెస్టర్న్ ఆస్ట్రేలియా రాష్ట్ర ప్రభుత్వం చట్టపరంగా హామీ ఉంది. అక్కడ కూడా మీరు రుణదాతే, కాకపోతే ఒక ప్రభుత్వం మాట మీద ఆధారపడిన రుణదాత. ఎలాంటి హామీ లేని చిన్న డీలర్ దగ్గర అదే ఖాతా ఉంటే మీరు ఆధారపడేది ఆ డీలర్ బ్యాలెన్స్ షీట్ మీద మాత్రమే.

## సంస్థ కూలిపోతే

సంస్థ దివాలా తీసిన రోజున నా 100 ఔన్సులు ఏమవుతాయి?

అలొకేటెడ్ అయితే, కూలిన సంస్థ ఆస్తులను అప్పులవాళ్లకు పంచే లిక్విడేటర్‌కు బార్లు మీవని చూపించి తిరిగి తీసుకుంటారు. వెంటనే చేతికి రాకపోవచ్చు. రికార్డులు సరిచూసేదాకా వాల్ట్‌కు తాళం పడి ఉంటుంది, ఆ పనికయ్యే ఖర్చులో కొంత మీమీద పడొచ్చు కూడా.

అన్‌అలొకేటెడ్ అయితే వేరే దారి. చాలా దేశాల దివాలా పద్ధతిలో మీ ఔన్సుల బాకీని ఒక నిర్ణీత తేదీ ధరకు డబ్బులోకి మారుస్తారు. ఆ రోజు ఔన్సు 2,000 డాలర్లు అనుకుంటే మీ క్లెయిమ్ 2,00,000 డాలర్లు. తాకట్టు ఉన్న అప్పులవాళ్లు, చట్టం ముందు వరసలో పెట్టినవాళ్లు తీసుకున్నాక మిగిలినదాన్ని మీలాంటివాళ్లందరికీ పంచుతారు. డాలరుకు 40 సెంట్ల చొప్పున వచ్చిందనుకుందాం, మీకు 80,000 డాలర్లు వస్తాయి. అది రావడానికి మూడేళ్లు పట్టి, ఈలోగా బంగారం 2,500కి చేరితే, ఆ సొమ్ముతో మీరు కొనగలిగేది 32 ఔన్సులు.

ఈ అంకెలు ఉదాహరణకు వేసినవి. జరిగే తీరు మాత్రం ఇదే: క్లెయిమ్ ఆ తేదీ దగ్గరే ఆగిపోతుంది, తర్వాత ధర పెరిగితే ఆ లాభం మీది కాదు. ధర పెరుగుతుందనే బంగారం కొన్నవాళ్లకు ఇది రెండో దెబ్బ.

ఇదంతా పుస్తకాల్లో మాటా, నిజంగా ఎప్పుడైనా జరిగిందా?

జరిగింది. న్యూజిలాండ్‌లో గోల్డ్‌కార్ప్ ఎక్స్ఛేంజ్ అనే బులియన్ డీలర్ 1988లో కుప్పకూలింది. వెయ్యిమందికి పైగా ఖాతాదారులు దాని దగ్గర "నాన్-అలొకేటెడ్" బంగారం, ఇతర విలువైన లోహాలు కొని ఉన్నారు. వాళ్ల చేతిలో యాజమాన్యాన్ని తెలిపే ధ్రువపత్రాలు ఉన్నాయి. లోహం వాల్ట్‌లో భద్రంగా ఉంటుందని, అందరి బాకీలకూ సరిపడా నిల్వ ఉందో లేదో ప్రతి నెలా ఆడిట్ జరుగుతుందని, ఏడు రోజుల ముందు చెబితే డెలివరీ ఇస్తామని కంపెనీ చెప్పింది. తీరా చూస్తే అందరికీ సరిపడా లోహం లేదు.

ఉన్న ఆస్తుల మీద బ్యాంక్ ఆఫ్ న్యూజిలాండ్‌కు ఫ్లోటింగ్ చార్జ్ ఉంది, అంటే కంపెనీ ఆస్తులన్నిటి మీదా పరుచుకున్న తాకట్టు. అప్పు రాబట్టుకోవడానికి బ్యాంకు పెట్టిన రిసీవర్లు వచ్చిన క్షణాన అది బిగుసుకుంది. బ్యాంకు అప్పు తీరాక ఖాతాదారులకు మిగిలేదేమీ లేదని తేలింది. దాంతో వాళ్లు, ఈ లోహం మాది, కంపెనీ ఆస్తి కాదు కాబట్టి బ్యాంకు ముట్టుకోకూడదు అని కోర్టుకెక్కారు.

వ్యాజ్యం ఆరేళ్లు సాగి అప్పట్లో న్యూజిలాండ్ కేసులకు ఆఖరి అప్పీలు కోర్టయిన లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1994లో తీర్పు వచ్చింది. న్యాయమూర్తుల ప్రశ్న సూటిగా ఉంది: మీ సొంతమంటున్న లోహం ఏది? కంపెనీ ఏ బార్‌నూ ఏ నాణేన్నీ ఎవరి పేరిటా విడదీయలేదు. ఎక్కడి నుంచైనా తెచ్చి ఇస్తామని మాత్రమే మాట ఇచ్చింది. ఏదన్నది గుర్తించలేని వస్తువు మీద యాజమాన్యం పుట్టదని చెప్పి నాన్-అలొకేటెడ్ ఖాతాదారుల వాదన తోసిపుచ్చారు. ధ్రువపత్రాల్లో రాసిన మాటలు వాళ్లను గట్టెక్కించలేదు.

అదే కేసులో ఇంకో గుంపు ఉంది. గోల్డ్‌కార్ప్ అంతకుముందు కొనేసిన వాకర్ అండ్ హాల్ అనే వ్యాపారపు పాత ఖాతాదారులు. వాళ్ల లోహాన్ని ఆ వ్యాపారం విడిగా ఉంచింది, కాబట్టి వాళ్లకు యాజమాన్య హక్కు ఉందని ఒప్పుకున్నారు. కానీ గోల్డ్‌కార్ప్ చేతికొచ్చాక ఆ నిల్వ మిగతా వాటితో కలిసి కరిగిపోయింది. మధ్యలో నిల్వ ఎంత కనిష్ఠానికి పడిందో అంతమేరకే వాళ్ల హక్కు నిలిచింది. విడిగా ఉంచడం మొదటిరోజు జరిగితే చాలదు, చివరిరోజు వరకు జరగాలి. ఈ తీర్పులో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునేది ఈ భాగమే.

అలొకేటెడ్‌లో ఉంటే ఇక ఏ రిస్కూ లేనట్టేనా?

దివాలా రిస్క్ చాలామటుకు పోతుంది, కస్టోడియన్ నిజాయితీ మీద ఆధారపడటం పోదు. లేని బార్లకు కాగితాలు సృష్టించే సంస్థ ఉంటే, ఆ కాగితాల మీద "అలొకేటెడ్" అని రాయడం దానికి కష్టం కాదు. మీ కస్టోడియన్ ఇంకో వాల్ట్‌ను సబ్-కస్టోడియన్‌గా పెట్టుకుంటే, అక్కడ బార్లు ఎవరి పేరిట ఉన్నాయన్నది ఇంకో ప్రశ్న. బకాయి పడ్డ చార్జీలకు బార్లను పట్టి ఉంచే హక్కు చాలా ఒప్పందాల్లో కస్టోడియన్‌కు ఉంటుంది.

బంగారం ఏ దేశంలో ఉందో ఆ దేశపు నిర్ణయాలు కూడా మీకు వర్తిస్తాయి. వెనెజువెలా కేంద్ర బ్యాంకు బంగారం బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వాల్ట్‌లో ఉంది. దాని మీద ఆదేశాలిచ్చే అధికారం అప్పటి అధ్యక్షుడు మడూరో నియమించిన బోర్డుదా, ప్రత్యర్థి వర్గం నియమించినదా అన్న వివాదం 2021లో బ్రిటన్ సుప్రీంకోర్టుకు చేరింది. అక్కడ బార్లు లేకపోవడమో, వాల్ట్ దివాలా తీయడమో సమస్య కాదు, ఎవరి మాట చెల్లుతుందో బంగారం ఉన్న దేశపు కోర్టు తేల్చాల్సి రావడమే సమస్య.

## బయటికి రావాలనుకుంటే

సంస్థ గురించి చెడ్డ వార్తలు వచ్చాక అలొకేటెడ్‌కు మార్చుకుంటే సరిపోదా?

సరిపోకపోవచ్చు. మీకు వార్త అందేసరికి పెద్ద ఖాతాదారులు అప్పటికే వరసలో ఉంటారు. డెలివరీలను తాత్కాలికంగా నిలిపేసే అధికారం, లోహానికి బదులు డబ్బిచ్చి లెక్క తేల్చుకునే అధికారం చాలా సంస్థలు ఒప్పందంలో తమకే ఉంచుకుంటాయి. "క్యాష్ సెటిల్‌మెంట్" అనే పదం మీ ఒప్పందంలో ఎక్కడుందో ఇప్పుడే వెతికి చదవండి.

మార్పు జరిగినా ప్రమాదం పూర్తిగా దాటినట్టు కాదు. దివాలాకు కొద్దిగా ముందు కొందరు రుణదాతలకు మాత్రం మేలు చేసిన లావాదేవీలను రద్దు చేయమని కోరే అధికారం చాలా దేశాల్లో లిక్విడేటర్‌కు ఉంటుంది. మీ ఆఖరి నిమిషపు మార్పు ఆ తనిఖీకి రావొచ్చు. దాచుకోవడానికే కొన్నవాళ్లు ఆ పని సంస్థ బాగున్నప్పుడే చేయాలి.

నాకున్నది 10 ఔన్సులే. 400 ఔన్సుల బార్ కొనలేను. నాకు అన్‌అలొకేటెడ్ తప్ప దారి లేదా?

ఉంది. కిలో బార్ అంటే దాదాపు 32 ఔన్సులు, అది మీకు పెద్దదే. కానీ 100 గ్రాముల బార్లను, ఒక ఔన్సు నాణేలను అలొకేటెడ్‌గా ఉంచే కస్టోడియన్లు ఉన్నారు. చిన్నవాటికి తయారీ ఖర్చు ఎక్కువ కాబట్టి కొనేటప్పుడు బంగారం ధర మీద ఎక్కువ ప్రీమియం పడుతుంది. నాణేలకు సీరియల్ నంబర్లు మామూలుగా ఉండవు, కాబట్టి వాటిని మీ పేరిట సీలు వేసిన సంచిలోనో పెట్టెలోనో విడిగా ఉంచుతారా, సీలు నంబరు మీకిస్తారా అని అడగండి.

రెండో దారి, గుర్తించిన పెద్ద బార్లలో సహ యజమానిగా వాటా. ప్రీమియం తగ్గుతుంది. ప్రతి ఖాతాదారుడి వాటా, మొత్తం బార్ల జాబితా రెండూ పేర్లు లేకుండా ప్రచురించే సంస్థనే ఎంచుకోండి. అందరి వాటాలు కూడితే బార్ల మొత్తం బరువుకు సరిపోతుందో లేదో మీ అంతట మీరే చూసుకోగలగాలి, ఆ జాబితాలో మీ వాటా అంకె మీకు కనబడాలి.